విద్యపై మూడు దృక్పథాలు: పోలిక జవాబును మేం కట్టుకున్న తీరు

ఎం.ఏ. సమాజశాస్త్రం చదివేవాళ్లందరికీ ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో ఎదురవుతుంది: "విద్యపై ప్రకార్యవాద, సంఘర్షణవాద, ప్రతీకాత్మక పరస్పర చర్యావాద దృక్పథాలను పోల్చి చర్చించండి." దీనికి గైడ్లలో ఒక అచ్చు జవాబు ఉంటుంది. ముందు విద్యకు నిర్వచనం. తర్వాత ప్రకార్యవాదులు డర్క్‌హైమ్, పార్సన్స్‌లకు పేజీన్నర. మార్క్స్ పేరు చెప్పి మరో పేజీన్నర. మూడోదానికి మిగిలినంత చోటు. చివర "కావున విద్యను అర్థం చేసుకోవడానికి మూడు దృక్పథాలూ అవసరమే" అని ఒక వాక్యం. ఇందులో ఒక్క ముక్క కూడా తప్పు ఉండదు. పోలిక కూడా ఉండదు.

నేను విశాఖ గోపాలపట్నంలో ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ చెబుతూ దూరవిద్యలో ఎం.ఏ. చదివాను. నాతో చదివిన స్నేహితురాలు డాబాగార్డెన్స్‌లో ఆఫీసు ఉద్యోగం చేసేది. ఆదివారాలు ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో కలిసి కూర్చునేవాళ్లం. మా పేపరు మూడు గంటలది, అందులో అయిదు వ్యాసరూప ప్రశ్నలు. అంటే ఒక్కోదానికి 36 నిమిషాలు. ఆలోచనకు, చివర్లో ఒకసారి చదువుకోవడానికి ఎనిమిది నిమిషాలు తీసేస్తే రాతకు 28 మిగులుతాయి. నా చేతి వేగానికి తెలుగులో అయిదు వందల మాటలు దాటవు. ఇక్కడ చెప్పేదంతా ఆ అయిదు వందల మాటల గురించే.

ఎంవీపీ కాలనీలో ఒక మాస్టారు ఉండేవారు. డిగ్రీ కాలేజీలో చెప్పి రిటైరయ్యారు, చాలా ఏళ్లు పేపర్లు దిద్దారు. మా స్నేహితురాలు గైడు జవాబును నాలుగు కాగితాల మీద ఎత్తి రాసి ఆయనకు చూపించింది. ఆయన చదవలేదు. సంఘర్షణవాదం ఉన్న కాగితాన్ని తీసి ముందుకు, ప్రకార్యవాదం ఉన్నదాన్ని వెనక్కు మార్చి, "ఇప్పుడు చదువమ్మా, ఎక్కడైనా తెగిందా?" అన్నారు. ఎక్కడా తెగలేదు. "అదే చెబుతున్నా. ముగ్గురూ మూడు గదుల్లో తలుపులేసుకుని ఎవరి మాట వాళ్లు చెప్పుకుంటున్నారు. ఒకరి మాట ఇంకొకరికి వినపడాలి కదా."

ఈ పరీక్ష ఎవరైనా తమ జవాబుకు పెట్టుకోవచ్చు. పేరాల వరస మార్చినా జవాబు చెక్కుచెదరకపోతే, అక్కడ మూడు పరిచయాలే ఉన్నట్టు. రెండో పేరా మొదటి దాని భుజం మీద నిలబడితే, వరస మార్చగానే కూలిపోతుంది. అలా కూలిపోయేదే కావాలి.

ఆ వారం మేం పట్టికతో మొదలుపెట్టాం. నిలువుగా మూడు దృక్పథాలు, అడ్డంగా ప్రశ్నలు: విద్య సమాజానికి ఏం చేస్తుంది? ఎవరికి లాభం? పిల్లలు ఎందుకు వెనకబడతారు? టీచరు పాత్ర ఏమిటి? మొదటి రెండు గళ్లూ చకచకా నిండాయి. మూడో గడి దగ్గరే పెన్ను ఆగింది. "విద్య సమాజానికి ఏం చేస్తుంది" అన్న ప్రశ్నకు పరస్పర చర్యావాదం సూటిగా జవాబు ఇవ్వదు. వాళ్లు అసలు అంత ఎత్తు నుంచి చూడరు. తరగతి గదిలోకి వెళ్లి టీచరు ఏమంటోంది, పిల్లవాడు దాన్ని ఎలా తీసుకుంటున్నాడు అని చూస్తారు. మా స్నేహితురాలు ఆ గడిలో "సమాజీకరణ" అని రాసి తనే కొట్టేసింది. పక్క గడిలోదే మళ్లీ రాశానంది.

జవాబుకు ఆకారం ఇచ్చింది ఆ ఖాళీ గడే. ఈ మూడూ ఒకే వరసలో కూర్చునేవి కావు. మొదటి రెండూ ఒకే ఎత్తు నుంచి ఒకే బడిని చూస్తాయి, చూసినదాని మీద చాలావరకు ఒప్పుకుంటాయి కూడా. తగువంతా దానివల్ల మేలు ఎవరికన్న దగ్గరే: సమాజమంతటికీ అంటుంది ప్రకార్యవాదం, పైవర్గానికే అంటుంది సంఘర్షణవాదం. మూడోది ఆ ఇద్దరినీ కలిపి, మీరు చూస్తున్న చోటే సరికాదంటుంది. కాబట్టి జవాబును మూడు సమాన ముక్కలు చేయకూడదు. రెండింటిని ఎదురెదురుగా నిలబెట్టి, మూడోదాన్ని ఆ ఇద్దరినీ ప్రశ్నించేదిగా తేవాలి. ఆపైన మూడోదాన్ని కూడా ఒకసారి నిలదీయాలి.

మొదటి జంటకు ఎవరిని తీసుకోవాలన్న దగ్గర కొంత వాదులాడుకున్నాం. డర్క్‌హైమ్‌ను వదలడానికి ఆమెకు మనసొప్పలేదు. నాకు మాత్రం పార్సన్స్ ముఖ్యమనిపించింది. డర్క్‌హైమ్‌కు విద్య అంటే ముందుగా నైతిక బంధం: ఇంటి నుంచి వచ్చిన పిల్లవాడు బడిలో తనకంటే పెద్దదైన సమాజపు నియమాలను గౌరవించడం నేర్చుకుంటాడు. ఇది గొప్ప మాటే, కానీ దీనికి ఎదురుగా మార్క్సిస్టును నిలబెడితే ఇద్దరూ ఒకే వస్తువు గురించి మాట్లాడరు. పార్సన్స్ అలా కాదు. 1959లో తరగతి గదినే ఒక సామాజిక వ్యవస్థగా తీసుకుని రాసిన వ్యాసంలో, బడి రెండు పనులు చేస్తుందన్నాడు. ఒకటి, పిల్లలకు ఉమ్మడి విలువలు నేర్పడం. రెండు, వాళ్లను వడబోసి పెద్దయ్యాక దక్కే స్థానాలకు పంపడం. ఇంట్లో పిల్లవాడు "మా అబ్బాయి" కాబట్టి విలువ. బడిలో అందరికీ ఒకే పని, ఒకే కొలత, చేసినదాన్ని బట్టి విలువ. ఇంటికీ సమాజానికీ మధ్య వంతెన అదేనంటాడు.

ఇదే వడబోతను, ఇదే విలువల నేర్పును అమెరికాలోనే సంఘర్షణవాదులు బౌల్స్, గింటిస్ 1976లో చూశారు. బడిలో సంబంధాలు ఫ్యాక్టరీలో సంబంధాలకు అద్దంలా ఉన్నాయన్నారు. విద్యార్థికి పాఠ్యాంశం మీద అధికారం లేదు, కార్మికుడికి తను చేసే పని మీద లేదు. ఒకరు మార్కుల కోసం, ఇంకొకరు కూలి కోసం పని చేస్తారు. పనిలో ఉండాల్సిన ఆనందం ఇద్దరికీ అందదు. దీన్నే అనురూప సూత్రం అంటారు. పార్సన్స్ "అందరికీ ఒకే కొలత" అన్నచోట వీళ్లు "విధేయతకు శిక్షణ" అన్నారు. పార్సన్స్ "ప్రతిభను బట్టి స్థానం" అన్నచోట, వర్గాన్ని బట్టి దక్కిన స్థానానికి ప్రతిభ అనే ముసుగు వేస్తున్నారని అన్నారు.

ఈ ఇద్దరినీ పక్కపక్కన పెట్టగానే విమర్శల కోసం విడిగా పేరా రాసే పని తప్పింది. గైడ్లలో ప్రతి దృక్పథం చివరా "విమర్శలు" అని ఉపశీర్షిక ఉంటుంది, దాని కింద నాలుగు పొడి వాక్యాలు. దిద్దేవాళ్లు వాటిని చదవరని మాస్టారే అన్నారు. ఒక దృక్పథం మీది విమర్శ తర్వాతి దృక్పథానికి తలుపైతే చోటు కలిసొస్తుంది, పోలికా దానంతటదే వస్తుంది.

ఇక ఉదాహరణ. మన రాష్ట్రం నుంచి ఉదాహరణ ఇస్తే మంచిదని అందరూ చెబుతారు, ఎక్కడ ఇవ్వాలో చెప్పరు. దాంతో చాలామంది చివరి పేరాలో "ఉదాహరణకు ఆంధ్రప్రదేశ్‌లో..." అని ఒక వాక్యం తగిలిస్తారు. అక్కడ అది ఏ పనీ చేయదు. మేం ఒక్క ఉదాహరణనే తీసుకుని మూడు దృక్పథాల చేతా చదివించాలనుకున్నాం. దాని కోసం వెతుక్కోవాల్సిన పని లేకపోయింది. పిల్లల్ని ఇంటర్ చదివించిన ఏ ఇంట్లో అడిగినా చెబుతారు: కొన్ని ప్రైవేటు జూనియర్ కాలేజీల్లో పరీక్షల మార్కులను బట్టి సెక్షన్లు మారుస్తుంటారు. పై సెక్షన్‌కు అనుభవం ఉన్న లెక్చరర్లు, కింది సెక్షన్‌కు కొత్తగా చేరినవాళ్లు.

ప్రకార్యవాది దీన్ని వడబోత అంటాడు: అందరికీ ఒకే ప్రశ్నపత్రం, ఎవరి సత్తాను బట్టి వాళ్లకు సెక్షన్, రేపు కష్టమైన స్థానాలకు సమర్థులు దొరుకుతారు. కష్టమైన, ముఖ్యమైన స్థానాలకు సమర్థులు రావాలంటే ఎక్కువ ప్రతిఫలం ఉండాలని డేవిస్, మూర్ 1945లో చెప్పింది ఇక్కడ ఒక వాక్యంలో ఇమిడిపోతుంది. సంఘర్షణవాది ఆ మార్కుల జాబితానే తీసుకుని, ఆరో తరగతి నుంచే ఫౌండేషన్ కోచింగ్‌కు ఫీజు కట్టగలిగింది ఎవరు అని అడుగుతాడు. ఇంట్లో ఇంగ్లీషు, ఇంట్లో పుస్తకాలు, ఏ కాలేజీకి వెళ్లాలో చెప్పగల పెద్దవాళ్లు, ఇవన్నీ కూడా పెట్టుబడేనని ఫ్రెంచి సమాజశాస్త్రవేత్త బూర్దియో అంటాడు. సాంస్కృతిక పెట్టుబడి అన్న ఆయన మాటకు ఇంతకంటే దగ్గరి ఉదాహరణ నాకు దొరకలేదు. కొలత అందరికీ ఒక్కటే, కానీ కొలిచే రోజుకే అందరూ ఒకేచోట లేరు.

ఇక్కడ కులం మాట వచ్చింది. బౌల్స్, గింటిస్ రాసింది అమెరికా సమాజం గురించి, అందులో వర్గమే ప్రధానం. మన దగ్గర ఫీజు కట్టగల స్తోమత ఒక్కటే కథ మొత్తం చెప్పదు. అందుకని "భారతదేశంలో ఈ అసమానత వర్గంతో పాటు కులం ద్వారా కూడా సాగుతుంది, కాబట్టి అనురూప సూత్రాన్ని యథాతథంగా ఇక్కడికి తేలేం" అని ఒక వాక్యం పెట్టుకున్నాం. దాన్ని పేరాగా పెంచాలని నాకు ఉబలాటంగా ఉండేది. పెంచితే అది వేరే ప్రశ్నకు జవాబవుతుంది. ఒక్క వాక్యంతోనే ఆగాం.

మూడో దృక్పథం ఇదే సెక్షన్ల గదిలోకి వస్తుంది. మార్కులు ఎందుకు వచ్చాయన్నది వదిలేసి, సెక్షన్ మారిన మర్నాటి నుంచి ఏం జరుగుతుందో చూస్తుంది. "కింది సెక్షన్" అన్న ముద్ర పడ్డాక లెక్చరర్ కష్టమైన లెక్క అడగడం మానేస్తాడు. పిల్లవాడు చెయ్యి ఎత్తడం మానేస్తాడు. వచ్చే పరీక్షలో మార్కులు తగ్గుతాయి, ముద్ర నిజమైపోతుంది. దీనికి రోజెంథాల్, జాకబ్సన్‌ల 1968 అధ్యయనాన్ని అందరూ ఉదహరిస్తారు. ఒక ప్రాథమిక పాఠశాలలో పిల్లలకు పరీక్ష పెట్టి, సుమారు 20 శాతం మంది పేర్లను టీచర్లకు ఇచ్చి, వీళ్లు ఈ ఏడాది బాగా ఎదుగుతారని చెప్పారు. నిజానికి ఆ పేర్లు ఏ లెక్కా లేకుండా ఎంచినవి. ఏడాది చివర మళ్లీ పరీక్షిస్తే, ఆ పేర్లున్న పిల్లలు, ముఖ్యంగా ఒకటి, రెండు తరగతుల వాళ్లు, మిగతావాళ్లకంటే ఎక్కువ పెరుగుదల చూపారు.

ఆ "ఒకటి, రెండు తరగతులు" అన్న మాటను గైడ్లు వదిలేస్తాయి. పై తరగతుల్లో తేడా అంతగా కనిపించలేదు. వాడిన పరీక్ష చిన్న పిల్లలకు సరిపోదన్న అభ్యంతరం కూడా అప్పుడే వచ్చింది. టీచరు నమ్మితే చాలు పిల్లలు మారిపోతారని రాసేస్తే, చదివినవాళ్లకు మనం అసలు అధ్యయనం జోలికి పోలేదని తెలిసిపోతుంది. "చిన్న తరగతుల్లో స్పష్టంగా" అన్న ఒక్క పదబంధం చేరిస్తే చాలు.

ఇంతవరకూ రాశాక జవాబు "మూడూ అవసరమే" దగ్గరికి జారిపోవడం మొదలెట్టింది. దాన్ని ఆపింది రేమండ్ రిస్ట్ 1970లో ప్రచురించిన అధ్యయనం. నాకైతే ఈ ప్రశ్న మొత్తానికి అదే కీలు. సెయింట్ లూయీ నగరంలో ఒక బడి. పిల్లలందరూ నల్లజాతి వాళ్లు, టీచరు కూడా. కిండర్‌గార్టెన్ మొదలైన ఎనిమిదో రోజుకే టీచరు పిల్లలను మూడు బల్లల దగ్గర స్థిరంగా కూర్చోబెట్టేసింది. చదువులో సత్తాను కొలిచే పరీక్ష ఏదీ అప్పటికి లేదు. బట్టలు, మాట తీరు, ఇంటి పరిస్థితి, ఇవే ఆధారం. మొదటి బల్ల పిల్లలకే టీచరు ఎక్కువ సమయం ఇచ్చింది. రిస్ట్ ఆ పిల్లలను రెండో తరగతి దాకా గమనిస్తే, ఆ విభజన అలాగే కొనసాగింది.

చూసిన తీరు పరస్పర చర్యావాదుల తీరే: గదిలో కూర్చుని, ఎవరితో ఎవరు ఎలా మాట్లాడుతున్నారో గమనించడం. తేలింది మాత్రం వర్గం. ముద్ర గదిలోనే పడింది, కానీ సిరా బయటి నుంచే వచ్చింది. మూడో దృక్పథం తనంతట తాను జవాబు చెప్పలేని ప్రశ్న ఇదే: టీచర్లు ముద్ర వేస్తారు సరే, ఒకే రకం పిల్లలకు ఒకే రకం ముద్ర మళ్లీ మళ్లీ ఎందుకు పడుతుంది? అక్కడ సంఘర్షణవాదం తిరిగి లోపలికి వస్తుంది. జవాబులో కీలు పేరా ఇలా రాసుకున్నాం:

"ముద్ర ఎలా పనిచేస్తుందో పరస్పర చర్యావాదం చూపింది. ఆ ముద్ర ఎవరి మీద పడుతుందో అది వివరించలేదు. రిస్ట్ అధ్యయనంలో పిల్లల స్థానాన్ని నిర్ణయించింది వాళ్ల ఇంటి ఆర్థిక స్థితిని తెలిపే గుర్తులే. కాబట్టి తరగతి గదిలోని పరస్పర చర్య వర్గ నిర్మాణానికి ప్రత్యామ్నాయ వివరణ కాదు, ఆ నిర్మాణం రోజూ పనిచేసే చోటు."

మాస్టారు దీన్ని చదివి, "బాగుంది, ఇప్పుడు వామపక్షంవాళ్లకు మాత్రం ఎక్కువ మార్కులు వేసేశారు" అన్నారు నవ్వుతూ. సంఘర్షణవాదాన్ని ఎవరూ నిలదీయలేదని ఆయన ఉద్దేశం. అందుకు పాల్ విల్లిస్ 1977 అధ్యయనాన్ని తెచ్చాం. ఇంగ్లండ్‌లో ఒక పారిశ్రామిక పట్టణంలో కార్మిక కుటుంబాలకు చెందిన పన్నెండు మంది కుర్రాళ్లు. వీళ్లు బడికి లొంగలేదు. టీచర్లను ఆటపట్టించారు, చదువును ఎగతాళి చేశారు. బౌల్స్, గింటిస్ చెప్పినట్టు బడి విధేయులను తయారుచేస్తే, వీళ్లు దొరకకూడదు. అయినా చివరికి వాళ్లు చేరింది ఫ్యాక్టరీ పనికే. లొంగి కాదు, ఎదురుతిరిగి. విల్లిస్ మార్క్సిస్టే, అయినా పిల్లలను మట్టిముద్దలుగా చూడలేదు. ఈ నాలుగు వాక్యాలతో సంఘర్షణవాదపు హద్దు కూడా తెలిసింది: ఫలితాన్ని అది బాగా చెబుతుంది, దారిని అంత బాగా చెప్పదు.

చోటు లెక్క చివరికి ఇలా కుదిరింది. మొదటి పేరా అరవై మాటలు, అందులో నిర్వచనాలు లేవు. నేరుగా వాదనే: "ఈ మూడింటిలో మొదటి రెండు విద్య ఎవరికి మేలు చేస్తుందన్న దానిపై విభేదిస్తాయి, మూడోది విద్యను ఎక్కడ చూడాలన్న దానిపై ఆ రెండింటితోనూ విభేదిస్తుంది." జంటకు రెండు వందలు, మూడోదానికి నూట ఇరవై, రిస్ట్, విల్లిస్‌లకు కలిపి ఎనభై. ముగింపుకు మిగిలింది నలభై. అంత తక్కువ చోటులో సారాంశం పట్టదు, అది మేలే అయింది. ఏ ప్రశ్నకు ఏ దృక్పథం పనికొస్తుందో చెప్పి ఆపాం: సెక్షన్లు ఎందుకు ఉన్నాయో ప్రకార్యవాదం, వాటిలో ఎవరు ఎక్కడ ఉంటారో సంఘర్షణవాదం, అక్కడ ఉండడం పిల్లవాడిని ఏం చేస్తుందో మూడోది.

ప్రశ్నలోని క్రియ మారితే ఈ లెక్కా మారుతుంది. "పోల్చండి" అంటే పైన చెప్పినట్టే. "విమర్శనాత్మకంగా పరిశీలించండి" అంటే జంట భాగం నుంచి యాభై మాటలు తీసి కీలుకు ఇవ్వాలి. "భారతీయ విద్యకు అన్వయించండి" అంటే కులం వాక్యమే పేరా అవుతుంది, విల్లిస్ పోతాడు.

పరీక్షలో ప్రశ్న మేం అనుకున్నట్టు రాలేదు. "విద్య సామాజిక అసమానతను తగ్గిస్తుందా, పెంచుతుందా? సమాజశాస్త్ర దృక్పథాల ఆధారంగా చర్చించండి" అని వచ్చింది. హాల్లో టెన్షన్ పడ్డ మాట నిజం, కానీ జవాబు కట్టుకున్న తీరు మార్చక్కర్లేదని అయిదు నిమిషాల్లోనే తేలింది. తగ్గిస్తుందన్న వైపు పార్సన్స్, పెంచుతుందన్న వైపు బౌల్స్, గింటిస్, రెండు వైపులా అడగని ప్రశ్నతో మూడోది. మొదటి వాక్యం ఒక్కటి కొత్తగా రాశాను. రిస్ట్‌ను ముందుకు జరిపి వడబోత పేరా వెంటనే పెట్టాను, ఎందుకంటే ఇక్కడ అసమానతే ప్రశ్న. డేవిస్, మూర్‌లకు చోటు చాలలేదు, వదిలేశాను. స్నేహితురాలు మాత్రం డర్క్‌హైమ్‌ను ఎక్కడో ఇరికించానని బయటికొచ్చాక చెప్పింది.